కొస తిరిగిన మూడు

నంబరు ప్లేట్లు రాసేవాళ్లలో అంకెల బాబాయ్ అంత పొగరుమోతు ఇంకొకడు లేడని పేరు. రేకు అచ్చు పెట్టి రంగు పూసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. ఆయన పని అంతా చేతిమీదే, ఊపిరి బిగబట్టి ఒక్క గీతలో. అందులోనూ మూడు అంకె మీద ఆయనకు ప్రత్యేకమైన మమకారం. పై కొసనూ కింది కొసనూ లోపలికి సుతారంగా చుట్టి, నడుము దగ్గర వెంట్రుకవాసి ఎడం వదిలేవాడు. రోడ్డుమీద ముందు పోతున్న బండిని చూసి "ఇది బాబాయ్ చెయ్యిరా" అని పోల్చుకున్నవాళ్లున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆయన వెనకేసుకున్న ఆస్తి ఏదైనా ఉంటే అదే.

తర్వాత ఫ్యాక్టరీలో అచ్చుకొట్టిన ప్లేట్లే బిగించుకోవాలని రూలొచ్చింది. పని పలచబడింది. ఆయన కూతురు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు, కొట్టు మధ్యలో చెక్క అడ్డం పెట్టించి, అవతలి సగంలో కంప్యూటర్ పెట్టింది. కరెంటు బిల్లులు, దరఖాస్తులు, ట్రాఫిక్ చలాన్లు అన్నీ అక్కడే. ఇవతలి సగంలో రంగు డబ్బాలు, బాబాయ్. పాత బండ్లవాళ్లు కొందరు రూలు సంగతి పక్కనపెట్టి ఇంకా ఆయన దగ్గరికే వచ్చేవారు. వద్దని చెప్పే గుణం ఆయనకు లేదు.

ఆ రోజు పొద్దున్నే వచ్చిన అమ్మాయి ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తెచ్చే ఉద్యోగిని. నల్ల స్కూటర్, వెనక మంచుపెట్టె. లోపలికొచ్చాక కూడా హెల్మెట్ చేతిలోంచి కింద పెట్టలేదు.

"అక్కా, నా బండిమీద చలాన్లున్నాయట. ఈ సాయంత్రానికి ఒక్కటి కూడా పెండింగులో ఉండకూడదని మా ల్యాబులో చెప్పారు. ఉంటే రేపట్నించి బండి డ్యూటీ ఇవ్వరట. మెసేజ్‌లో లింకు కూడా ఉంది, నొక్కనా?"

"నొక్కకు తల్లీ. దొంగ లింకులు బోలెడు తిరుగుతున్నాయి. మనం నేరుగా చలాన్ల సైటుకే వెళ్దాం" అంటూ కూతురు అడ్రసు తనే కొట్టింది. బండి నంబరు, ఇంజన్ నంబరు చివరి అంకెలు, పక్కనున్న వంకర టింకర అక్షరాలు నింపింది. అమ్మాయి తన ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా చెప్పాక జాబితా తెరుచుకుంది. మూడు చలాన్లు. ఒక్కోదాని ఎదురుగా తేదీ, సమయం, కూడలి పేరు, తప్పు, జరిమానా, ఫోటో.

మొదటిది సిగ్నల్ దగ్గర గీత దాటినందుకు. ఫోటో చూడగానే అమ్మాయి నాలుక కరుచుకుంది.

"ఇది నాదే. శాంపిల్ పాడైపోతుందని తొందరపడ్డా."

ఆ ఒక్కదానికే టిక్ పెట్టించి, ఫోన్‌తో డబ్బు కట్టేసింది. రసీదు వచ్చింది. మిగిలిన రెండూ హెల్మెట్ లేనందుకు.

"హెల్మెట్ లేకుండా నేనా? తల దువ్వుకోవడం మర్చిపోతానేమోగానీ ఇది మర్చిపోనక్కా!"

కూతురు ఫోటో తెరిచింది. అదే రకం నల్ల స్కూటర్, వెనక నుంచి తీసినది. నడిపే మనిషి మగాడు, తలమీద హెల్మెట్ లేదు. కానీ ప్లేటుమీద నంబరు, చివరి ఎనిమిదితో సహా, అచ్చం ఈ అమ్మాయిదే.

"కెమెరా తీసిన ఫోటోలో నంబరును కంప్యూటర్ చదువుతుంది. కంట్రోల్ రూములో ఒకరు చూసి సరే అంటారు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరుమీదుంటే వాళ్ల ఫోనుకు చలానొస్తుంది. బండి రకం, రంగు కూడా కలిశాయి కాబట్టి వాళ్లకీ అనుమానం రాలేదు. తమ్ముడికో ఎవరికో బండి ఇచ్చావేమో గుర్తుచేసుకో" అంది కూతురు.

"నాకు తమ్ముడే లేడు."

బాబాయ్ రంగు కలుపుతూ అటు తొంగిచూశాడు. చూసినవాడు చూసినట్టే నిలబడిపోయాడు. ప్లేటు చివరన ఉన్నది ఎనిమిది కాదు. ఆయన మూడు. కన్న బిడ్డను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. గుడ్ల వ్యాపారి బండి అది, నిరుడు తనే రాసిచ్చాడు. నడుము దగ్గర వదిలిన వెంట్రుకవాసి ఎడాన్ని కెమెరా లెక్కచెయ్యలేదు, కంట్రోల్ రూములో మనిషీ లెక్కచెయ్యలేదు. పక్కనే కూర్చున్న సొంత కూతురికే అది ఎనిమిదిలా కనిపిస్తోంది.

నిజం చెబితే ఊళ్లో బండ్లవాళ్ల నోళ్లలో పడతాడు. "బాబాయ్ అంకెలు ఎవరికీ చదవడానికి రావట" అని నవ్వుకుంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆయన చెయ్యి డబ్బాలో పుల్లను అనవసరంగా తిప్పుతూనే ఉంది.

అమ్మాయి నిట్టూర్చింది. "పోనీ కట్టేస్తానక్కా. సాయంత్రానికి కాగితం చూపించాలి. హెల్మెట్ పెట్టుకోని మనిషినని ల్యాబులో అనుకుంటే అనుకోనీ." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు ఫోనుమీదికి పోయింది.

"ఆగమ్మా" అన్నాడు బాబాయ్. "కట్టకు. కడితే తప్పు ఒప్పుకున్నట్టే. అది ఎనిమిది కాదు, మూడు. రాసింది నేను."

కూతురు ఆయన వంక చూసి, ఫోటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. నడుము దగ్గర సన్నటి తెల్లటి చీలిక కనిపించింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇలాంటివి ఎన్ని రాశావు నాన్నా?"

బాబాయ్ రంగు డబ్బాకు మూత పెట్టాడు.

కూతురు అదే సైటులో ఫిర్యాదు పేజీ తెరిచింది. చలాన్ నంబర్లు కొట్టి, ఫోటోలోని బండి ఈ అమ్మాయిది కాదని రాసి, అమ్మాయి స్కూటర్‌ను వెనక నుంచి ఫోటో తీసి జతచేసింది. ఫిర్యాదు అందినట్టు వచ్చిన నంబరును, కట్టిన రసీదును ప్రింటు తీసిచ్చింది. ల్యాబులో ఇవి చూపిస్తే ఫిర్యాదు తేలేదాకా ఆగుతారేమో అడగమంది. వాళ్లు ఆగారు. తొమ్మిదో రోజున రెండు చలాన్లూ ఆమె పేరునుంచి తీసేశారు. కానీ బాబాయ్ తొమ్మిది రోజులు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే గుడ్ల గోదాము వెతుక్కుంటూ వెళ్లాడు.

గుడ్ల వ్యాపారి ట్రేలు కడుతున్నాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు.

"అందుకేనన్నమాట నాకు ఒక్క చలానూ రాలేదు! నీ చేతి చలవ బాబాయ్. ఉండనియ్యి, దాని జోలికి పోకు."

"ఆ చలవకి ఇంకొకళ్ల ఉద్యోగం పోబోయిందిరా" అన్నాడు బాబాయ్. ఎప్పుడూ గొంతు పెంచే మనిషి ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

"రేపు కొట్టుకి రా. ఫ్యాక్టరీ ప్లేటుకు మా అమ్మాయి బుక్ చేస్తుంది. అదొచ్చేదాకా ఇలా తిరగనివ్వను. హెల్మెట్ కూడా కొనుక్కో, ఇకనుంచి నీ చలాన్లు నీకే వస్తాయి."

బాబాయ్ స్కూటర్ వెనక గొంతుక్కూర్చుని జేబులోంచి బ్లేడు తీశాడు. రంగు గట్టిగా పట్టి ఉంది, అంత తేలిగ్గా ఊడలేదు. పై కొస ముందు తీశాడు. కింది కొస దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత అదీ గీకేశాడు. చూపుడు వేలితో పొడి తుడిచి, వెనక్కి జరిగి చూశాడు.

గుడ్ల వ్యాపారి కూడా వంగి చూశాడు. "ఇప్పుడు ఎవరు రాసినట్టుంది బాబాయ్?"

"ఎవరైనా రాసినట్టుంది. అలాగే ఉండాలి" అన్నాడు బాబాయ్.