సగం జీతం దాటిన కోత

సీసాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కోతలక్క అనేవారు. కోతలు కోసే మనిషని కాదు, మాట పొదుపు. జీతాల్లో కోతలు లెక్కగట్టేది ఆమే గనక ఆ పేరు వచ్చింది. నెలాఖరున తన కిటికీ ముందు నిలబడి గొణిగేవాళ్ళకు ఆమె ఓపికగా చీటీ చదివి వినిపించేది. ఎవరిమీదా కోపం చూపించేది కాదు. ఆ కోపమంతా ఒక్క మనిషి కోసం దాచిపెట్టుకుంది.

ఆ మనిషి కొలిమి విభాగం సూపర్‌వైజరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది గనక ఈల సారు.

ఏడేళ్ళ కిందట కోతలక్క ప్యాకింగులో కూలీ, ఆమె తమ్ముడు కొలిమి దగ్గర కూలీ. తల్లి వైద్యానికి తమ్ముడు అడ్వాన్సు తీసుకున్నాడు. అది నెలనెలా కొంచెం కొంచెం పట్టుకుంటారనుకున్నారు అక్కాతమ్ముళ్ళు. ఈల సారు మాత్రం అప్పటి గుమస్తాతో, "వీడు రేపోమాపో పారిపోయే రకం, మొత్తం ఒకేసారి పట్టెయ్" అన్నాడు. ఆ నెల తమ్ముడి చేతికి సున్నా వచ్చింది. ఎందుకని అడిగితే ఈల సారు నవ్వి, "అడ్వాన్సు తిన్నప్పుడు తియ్యగా ఉందిగా" అన్నాడు. అద్దె కట్టలేదని ఇంటాయన వాళ్ళ గిన్నెలు వీధిలో పెట్టించాడు. తమ్ముడు ఆ వారమే పని వదిలేసి లారీ ఎక్కి ఊరు విడిచాడు. తల్లి ఆ చలికాలం దాటలేదు.

కోతలక్క పని మానలేదు. పళ్ళ బిగువున సాయంత్రం తరగతులకు వెళ్ళి లెక్కలు నేర్చుకుంది. గుమస్తా రిటైరైతే ఆ కుర్చీ తనకు ఇమ్మని అడిగి, సాధించి కూర్చుంది. చట్టం కూడా అక్కడే చదివింది. ఆ నెల సంపాదించిన దాంట్లో అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదని అందులో రాసి ఉంది. తమ్ముడికి జరిగింది తప్పని కాగితం మీద చూసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు.

అలాంటి కుర్చీ దగ్గరికి ఈల సారు తనంతట తానే నడిచి వచ్చాడు. భార్యకు గర్భసంచి ఆపరేషన్. నలభై వేల జీతానికి ఎనభై వేలు అడ్వాన్సు అడిగాడు.

"పది నెలలు పెట్టమ్మా, నెలకి ఎనిమిది వేలైతే తట్టుకోగలను."

"పెద్దసారుతో మాట్లాడతాను సారూ" అంది కోతలక్క, మనసులో కత్తి నూరుకుంటూ.

పెద్దసారంటే మేనేజరు. ఆయన్ని ఆమె ఎనిమిది నెలలకు ఒప్పించింది. నెలకు పది వేలు, పింఛను నిధికి నాలుగు వేలు, కలిపి పద్నాలుగు. సగమంటే ఇరవై. చట్టానికి లోబడే ఉంది, అతనికి ఊపిరి మాత్రం కాస్త బిగుస్తుంది. మొదటి రెండు నెలలూ అలాగే పట్టింది.

మూడో నెలలో ఈల సారు భార్యకు ఆపరేషన్ జరిగింది. కుట్ల దగ్గర చీము పట్టి ఆవిడ ఆసుపత్రిలోనే ఉండిపోవడంతో అతను తొమ్మిది రోజులే పనికి వచ్చాడు. మిగిలినవన్నీ జీతం లేని సెలవులు. ఆ నెల అతని సంపాదన పన్నెండు వేలు. పింఛను నిధికి పన్నెండు వందలు పోతుంది. సగం హద్దు ఆరు వేలు గనక అడ్వాన్సు కింద నాలుగు వేల ఎనిమిది వందలకు మించి పట్టకూడదు. మిగిలింది చివరికి తోసి ఇంకో నెల వేసుకోవాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, కంప్యూటరు కూడా ఎర్రగా హెచ్చరించింది.

ఆమె కాసేపు ఆ ఎరుపును చూస్తూ కూర్చుంది. వీధిలో బోర్లా పడి ఉన్న గిన్నెలు గుర్తొచ్చాయి. హెచ్చరికను దాటవేసి పది వేలూ పట్టేసింది.

ఈల సారు చేతికి ఎనిమిది వందలు వచ్చాయి.

చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది, ఈల కూడా లేదు. "ఇదేంటమ్మా? మందుల షాపులోనే రేపటికి మూడు వేలు కట్టాలి."

"అడ్వాన్సు తిన్నప్పుడు తియ్యగా ఉందిగా సారూ."

ఈ ఒక్క మాట కోసమే ఆమె ఏడేళ్ళు కాచుకుంది. అతని మొహం మాడిపోతుందనీ, తల దించుకుంటాడనీ అనుకుంది. అతను అర్థం కానట్టు చూశాడు.

"మా తమ్ముడు. కొలిమి దగ్గర, నాలుగో నంబరు మీద."

"ఏ తమ్ముడు?" అన్నాడు. నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన ఇల్లు కూల్చినవాడు కూల్చానన్న సంగతే మరిచిపోయి హాయిగా ఉన్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అతను మురిసిపోతాడనుకుంది.

"పిచ్చిదానా" అన్నాడు తమ్ముడు. "ఇప్పుడు తప్పు నీది. వాడు లేబరాఫీసుకెళ్తే పోయేది నీ ఉద్యోగం. వాడి జుట్టు నీ చేతిలో ఉండాలి గానీ నీ జుట్టు వాడికి ఇస్తావేంటే అక్కా?"

ఆమె ఆలోచించింది. తమ్ముడు చెప్పింది నిజమే. మరుసటి ఉదయం ఈల సారును పిలిచి, తెల్లకాగితం ముందు పెట్టింది.

"ఎక్కువ పట్టాం సారూ. తిరిగి రావాలంటే పెద్దసారుకి అర్జీ రాయండి. నేను చెప్తాను."

అతను ఆశగా కలం తీశాడు. ఒక నెల సంపాదనలో సగానికి మించి పట్టడం చట్టవిరుద్ధం అని ఆమె చెప్పింది, అతను రాశాడు. మనిషి చేతికి బతకడానికి సరిపడా మిగలాలి అని చెప్పింది, అదీ రాశాడు. కింద సంతకం పెట్టాడు.

ఆ కాగితంతో పాటు పాత ఫైలు కూడా తీసుకుని ఆమె పెద్దసారు గదికి వెళ్ళింది. ముందు తన తప్పు ఒప్పుకుంది. ఆయన మందలించాడు, ఆ చీవాట్లు ఆమె నిలబడి వింది. ఐదు వేల రెండు వందలు ఆ రోజే ఈల సారు ఖాతాకు తిప్పి పంపమని, ఆ బాకీ చివర తొమ్మిదో నెలలో పట్టమని ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. అప్పుడు ఆమె తమ్ముడి చీటీ బల్ల మీద పెట్టింది. సున్నా పక్కన "మొత్తం పట్టవలెను" అన్న రాత, దాని కింద ఈల సారు సంతకం. రెండు సంతకాలూ ఒకటేనని ఎవరైనా చెప్పగలరు.

పెద్దసారు ఈల సారును పిలిపించాడు. "ఈ రెండింట్లో ఏది నీ అభిప్రాయమయ్యా?"

ఈల సారు ముందు కాగితాలనూ, తర్వాత ఆమెనూ చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. మెడ దగ్గర లేని ఈల కోసం వేళ్ళు తడుముకున్నాయి.

తమ్ముడికి కంపెనీ పైసా ఇవ్వలేదు. బాకీ ఎలాగూ తీరిందిగా, పైగా ఏళ్ళు గడిచాయి అన్నాడు పెద్దసారు. కానీ కోతల విషయంలో సూపర్‌వైజర్లు ఇక తలదూర్చకూడదని నోటీసు తయారైంది. దాన్ని ఉదయం షిఫ్టు ముందు ఈల సారే చదవాలన్నాడు. చదివాడు. వినబడడం లేదని వెనకనుంచి ఒకరు అంటే రెండోసారి గట్టిగా చదివాడు. కోతలక్క ప్యాకింగు ద్వారం దగ్గర నిలబడి ప్రతి అక్షరమూ వింది. కడుపు నిండా భోంచేసినట్టనిపించింది ఆమెకు.

అతని భార్య కోలుకుని ఇంటికి వచ్చిందని తర్వాత తెలిసింది. కోతలక్కకు అందులో సంతోషమూ లేదు, బాధా లేదు. ఆమె పగ ఆ ఇల్లాలి మీద కాదు.

మిగిలిన నెలల్లో పది వేలకు ఒక్క పైసా ఎక్కువ పట్టలేదు, ఒక్క పైసా తగ్గించలేదు. తొమ్మిదో నెలలో మిగిలిన ఐదు వేల రెండు వందలూ పట్టి, చీటీ కిటికీలోంచి తోసింది.

"ఇక నాకూ నీకూ అయిపోయినట్టేనా అమ్మా?" అని అడిగాడు ఈల సారు మెల్లగా.

"అడ్వాన్సు అయిపోయింది" అంది కోతలక్క, తర్వాతి మనిషిని రమ్మని చెయ్యి ఊపుతూ.