నీళ్లు దిగని మిషను, గోడకంటించిన చీటీ

ఎనభైల చివర్లో నేను వరంగల్‌లో ఒక ప్రసూతి దవాఖానలో నర్సును. డాక్టరమ్మ తమ్ముడు దుబాయి నుంచి రెండు బట్టలుతికే మిషన్లు తెచ్చి, ఒకటి హైదరాబాదులో ఉన్న చెల్లెలికి, ఒకటి మా దవాఖానకు ఇచ్చాడు. వాటిని వాడే తీరు చెప్పే పుస్తకం మాత్రం ఒక్కటే. అది హైదరాబాదులోనే ఉండిపోయింది. మా మిషను నడిపేది దవాఖానలో పనిచేసే ఆయమ్మ.

ఆ ఎండాకాలం ఒక పొద్దున మిషన్లో నీళ్లు దిగలేదు. పసిగుడ్డల మురికి నీళ్లు తొట్టినిండా అలాగే నిలిచాయి. డాక్టరమ్మకు కోపం నషాళానికంటింది.

"మెకానిక్ వచ్చి నువ్వే చెడగొట్టినవంటే, రేపటి నుంచి పనికి రాకు!"

ఆయమ్మ ముఖం ఇంతైపోయింది. నేనైనా ఊరుకున్నానా? "చూస్కోని తిప్పొద్దా ఆ బటన్లు!" అని నేనూ రెండు తగిలించాను. నా నోరు అలాంటిది.

మెకానిక్ రాక, నాలుగు రోజులు ఆమె చేత్తోనే ఉతికింది. ఈలోగా డాక్టరమ్మ చెల్లెలి భర్త ఆ పుస్తకంలో పేజీని ఫొటో తీసి, కడిగించి, తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపాడు. పోస్టుకార్డంత ఫొటో. మూడు నిలువు వరుసల పట్టిక: లోపం, కారణం, చేయవలసింది. అంతా ఇంగ్లీషు, చీమతలకాయలంత అక్షరాలు. డాక్టరమ్మ భూతద్దం ఇచ్చి, "నువ్వు చూడు" అంది.

మోటారు తిరగకపోతే, శబ్దం వస్తే... అవన్నీ నాకెందుకు? నీళ్లు దిగని గడి ఒక్కటే పట్టుకున్నాను. అందులో ఒక వాక్యం మీద వెలుగు పడి చదవరాకుండా తెల్లగా అయిపోయింది. ఊహించి రాయలేదు, వదిలేశాను. సులువైనవి ముందు పెట్టి చీటీ రాశాను:

ప్లగ్గు తీశావా?
బటన్ 'నీళ్లు వదులు' వైపు ఉందా?
పైపు కొస నేల మీదే ఉందా?
పైపు మడతపడిందా?
జాలీలో పీచు అడ్డం పడిందా?
ఏదీ కాకపోతే మెకానిక్.

ఆయమ్మకు చదువు రాదు. నేను చదువుతుంటే ఆమె చేత్తో తడిమి చూసింది. ప్లగ్గు తీసింది. బటన్ సరిగ్గానే ఉంది. మూడోది చదివాను. ఆమె కదల్లేదు.

"పైపు కొస యాడుందే?"

"గోడ అవతల, డ్రమ్ముల."

అయ్యో రాత! నీళ్ల కరువని, ఆ నీళ్లు బండలు కడగడానికి పనికొస్తాయని, మిషను ఆగిన ముందురోజు సాయంత్రం నడుమెత్తు డ్రమ్ములో పైపు పెట్టమన్నది ఎవరు? నేనే. ఆ మిషన్లో నీళ్లు పల్లానికి పోవాల్సిందే, ఎత్తుకు ఎక్కవు.

గోడ అవతలికి వెళ్లి పైపు కొస కాలువలోకి దించాను. నీళ్లు బుడబుడమని దిగిపోయాయి.

"నీకు తెల్సా?"

"అనుమానమైతే ఉండె సిస్టరమ్మా. మీరు చెప్పినంక నేనేమంట?"

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అప్పుడే వెళ్లి డాక్టరమ్మతో తప్పు నాదని చెప్పాను. ఆమె కడుపుబ్బ నవ్వింది, ఆయమ్మను పిలిచి చాయ్ ఇప్పించింది. నా మనసూ తేలికపడింది.

చీటీ గోడకంటిస్తుంటే ఆయమ్మ అంది: "ఇంకో ముక్క రాయుండ్రి సిస్టరమ్మా. పైపు ఎత్తున పెట్టమని ఎవరు చెప్పినా, సిస్టరమ్మ చెప్పినా సరే, పెట్టొద్దని."

రాశాను. ఆ ఒక్క ముక్క నాతో మూడుసార్లు చదివించుకుంది.