నడుము లేని కేబుల్

మా ఆళ్లగడ్డ గ్రంథాలయానికి వచ్చే కంప్యూటర్ పత్రికలను అట్ట నుంచి అట్ట దాకా చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ బెంచీల మీద జరిగింది. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో బస్టాండు దగ్గర జిరాక్సు, కంప్యూటర్ ప్రింటింగు అంగడి పెట్టుకున్నాను. డిజిటల్ కెమెరాలు అప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి. ఒక్కో కెమెరాకు ఒక్కో రకం కేబుల్. కంప్యూటర్‌కు పెట్టే కొన అన్నిటికీ ఒకటే, తేడా అంతా కెమెరాకు పెట్టే కొనలోనే. అందుకని గోడకు మేకులు కొట్టి, కేబుళ్లు తగిలించి, ఒక్కో మేకు పైన ఆ కొన ఆకారాన్ని పెన్సిలుతో గీసి పెట్టాను. కంపెనీ పేరు కాదు, మూతి ఆకారం చూడాలన్నది పత్రికల్లో నేర్చుకున్న పాఠం.

ఒకరోజు మధ్యాహ్నం మా ఊరి శిల్పి ఒకాయన కెమెరా పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చాడు. ఒంటి మీద రాతి పొడి అట్లాగే ఉంది.

"అప్పా, వేణుగోపాలస్వామి ఫోటోలు బేగా తీసియ్యాల. గుడి కట్టేవాళ్లు వచ్చి నా కొట్టంలో కూసోనుండారు. సాయంత్రం బస్సుకు పోతారంట. నా పని చూడందే మాట ఇయ్యరు."

ఆరడుగుల ఆ విగ్రహం ఆయన చేసినవాటిలోకెల్లా గొప్పది. అది లారీ ఎక్కి ఎప్పుడో వెళ్లిపోయింది. చూపించడానికి మిగిలినవి ఫోటోలే.

కెమెరాలోని కార్డు తీసి రీడర్‌లో పెట్టాను. అందులో ఏమీ లేదు. ఆయన ముఖం వాడిపోయింది.

"ఈ కార్డు ఎప్పుడు కొన్నావన్నా?"

"మొన్ననేప్పా. ఫోటోలు తీసినప్పుడు కార్డే ల్యా."

నాకు ప్రాణం లేచొచ్చింది. కార్డు లేనప్పుడు తీసిన ఫోటోలు కెమెరా లోపలి మెమరీలోకి పోతాయి. కార్డు పెట్టి ఉన్నంతసేపూ అవి కనబడవు. కార్డు లేకుండా కెమెరా ఆన్ చేశాను. చిన్న తెర మీద స్వామి మురళి పట్టుకుని నిలబడ్డాడు.

"ఉండాడప్పా! ఆడనే ఉండాడు!" అని శిల్పి బల్ల చరిచాడు.

ఉన్నాడు గానీ, బయటికి రావాలంటే కేబులే దారి. సెకండ్ హ్యాండ్ కెమెరా కాబట్టి దానితో కేబుల్ రాలేదు. బ్యాటరీ ఒక గీత మీదుంది, ఛార్జరూ లేదు. వెంటనే కెమెరా ఆపేసి, గోడ మీది కేబుళ్లలో ఎక్కువ కెమెరాలకు పట్టే మినీ యు.ఎస్.బి. తెచ్చి పెట్టి చూశాను. పట్టలేదు.

ఆయన జేబులోంచి సన్నటి ఆకురాయి తీశాడు. "ఇట్లియ్యి. ఓరలు రవ్వంత రాకితే దూరకేం జేస్తాది?"

"అన్నా, ఇది రాయి కాదు! మినీకి లోపల అయిదు పిన్నులు. దీనికి ఎనిమిది. రాకి దూర్చినా కలవవు, కెమెరా చెడిపోతుంది."

నంద్యాలలో ఫోటో స్టూడియో నడిపే భాయ్ దగ్గర పెట్టెడు కేబుళ్లు ఉండేవి. ఆయనకు ఫోన్ చేశాను.

"కంపెనీ పేరు జెప్తే ఏం లాభం? వాళ్లవే మూడు రకాలుండాయి నా కాడ. మూతి ఎట్లుందో జెప్పు," అన్నాడు భాయ్.

నేను మాటలు వెతుక్కుంటుంటే శిల్పి మినీ కొననూ కెమెరా మూతినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఈ కేబుల్‌కు రెండు పక్కలా నొక్కినారు, నడుముండాది. కెమెరా మూతికి నడుము ల్యా. పల్చన. ఒక వైపు రెండు మూలలూ ఏటవాలుగా చెక్కినారు."

అదే మాట ఫోన్లో చెప్పి, "పిన్నులు ఎనిమిది," అని కలిపాను.

"దొరికింది పో! కడప బస్సు డ్రైవర్‌కు ఇస్తాండా. తీసుకో."

బస్సు వచ్చేదాకా శిల్పి బస్టాండు వదల్లేదు. డ్రైవర్ ఇచ్చిన కాగితం పొట్లంతో పరుగెత్తుకొచ్చాడు. కొనను మూతికి ఎదురుగా పట్టుకుని, చెక్కిన మూలలు సరిచూసి, నెమ్మదిగా నెట్టాను. టక్కున కూర్చుంది. కెమెరా ఆన్ చేయగానే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టింది. ఫోటోలన్నీ కాపీ అయ్యాక, వాటిని ఒకసారి తెరిచి చూసుకున్నాకే కేబుల్ తీశాను.

పెద్ద తెర మీద స్వామి వేలి గోళ్లు కూడా కనబడుతున్నాయి. మంచి కాగితం మీద ప్రింట్లు తీసి ఇద్దరం కొట్టానికి వెళ్లాం. గుడివాళ్లలో పెద్దాయన ఒక ఫోటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "మాకూ ఇట్లాంటి చేతులే కావల్ల," అన్నాడు. తాంబూలం అక్కడే ఇచ్చారు. శిల్పి నా భుజం మీద చెయ్యి వేసి, "ఈయప్ప లైబ్రరీలో సదువుకున్నోడు," అని వాళ్లకు చెప్పాడు. ఏ పట్టా అందుకున్నా నాకంత గర్వం కలిగేది కాదు.

భాయ్ ఆ కేబుల్‌ను నన్నే ఉంచుకోమన్నాడు. మర్నాడు కొత్త మేకు కొట్టి, దాని పైన ఆకారం గీస్తుంటే శిల్పి వచ్చాడు. నా గీత చూసి నవ్వి, పెన్సిల్ లాక్కున్నాడు. చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో ఆ మూతిని, చెక్కిన రెండు మూలలతో సహా, గోడ మీద నిలబెట్టాడు. ఆ తర్వాత గోడకు ఎన్నిసార్లు సున్నం వేయించినా, ఆ జానెడు జాగా మాత్రం వదిలేయించాను.