సేఠు మంచోడే అని రాసిన ఉత్తరం

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంటిది అంటుంది. కోపం రావలసిన చోట రాకపోతే అది మనిషి పుట్టుకేనా అని నేనంటాను. ఆ లేబర్ కమిషనర్‌కు రాసిన ఉత్తరం సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా మిల్లు ఓనర్ సేఠు మీద ఎంత మంటో, మా మీద మాకే అంత మంట.

బాన్సువాడ నుంచి వర్ని వైపు వెళ్లే రోడ్డు మీద ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో నేను డ్రయర్ మీద పనిచేసేవాణ్ని. ఉడికిన వడ్లు పైనుంచి దిగుతుంటే వేడి చూసుకోవాలి. ఎక్కువైతే బియ్యం విరుగుతుంది, తక్కువైతే బూజు పడుతుంది. బాయిలర్ దగ్గర పిట్లం వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఆయన ఊక వేసి ఆవిరి పుట్టిస్తే, నేను ఆ వేడితో వడ్లు ఆరబెట్టేవాణ్ని. ఆయన నిద్రపోతే నాకు పని లేదు, నేను నిద్రపోతే సేఠుకు బియ్యం లేదు.

జీతం చేతికి ఇచ్చేటప్పుడు గుమస్తా ప్రతినెలా "ఇది పీఎఫ్‌కు పోయింది" అని చెప్పి కొంత తగ్గించి ఇచ్చేవాడు. నాకు బాధ అనిపించేది కాదు. పదేళ్లు పీఎఫ్ కడితే యాభై ఎనిమిదేళ్లు నిండాక నెలనెలా పెన్షన్ వస్తుందని నాకు తెలుసు. పెద్ద పెన్షనేం కాదు. కానీ మా నాయన ముసలితనంలో బీడీ కట్టకు కూడా నా ముఖం చూసేవాడు. నేను ఎవరి ముఖమూ చూడకూడదని నా పట్టుదల. నాకు కావలసిందల్లా ఆ పదేళ్లు.

ఒకరోజు మీసేవ పక్కన ఉండే నెట్ సెంటర్లో నా పీఎఫ్ పాస్‌బుక్ తీయించాను. కంప్యూటర్ ముందు కూర్చునే అక్క తెర నా వైపు తిప్పి, "అన్నా, ఎనిమిదేండ్ల దాక మంచిగనే పడ్డయి. ఆ తర్వాత ఒక్క నెల గూడ పడలే. మిల్లు మారినవా ఏంది?" అంది. మారలేదు. అదే డ్రయర్, అదే వేడి. రెండేళ్లకు పైగా నా జీతంలో కోశారు. సేఠు తన వంతు వేయలేదు సరే, నా దగ్గర కోసింది కూడా వేయలేదు. అంటే నా లెక్కలో నిండిన పదేళ్లు సర్కారు లెక్కలో ఎనిమిది దగ్గరే ఆగిపోయాయి.

సేఠును అడిగితే, "వేస్తం లేవయ్యా, యాడికి పోతది? మార్కెట్ మంచిగ లేదు" అన్నాడు. మార్కెట్ మంచిగా ఉన్న ఏడాది కూడా అదే మాట అన్నాడు.

ఇగ ఉత్తరం రాద్దామన్నాను. ఎవరికి రాయాలి? కార్మికులకు కష్టమొస్తే లేబర్ కమిషనర్ కదా. కమిషనర్ అంటే కమిషనరే, ఇంకో కమిషనర్ ఉంటాడని మాకేం తెలుసు? ఒక ఆదివారం మిల్లు బంద్ ఉన్నప్పుడు నెట్ సెంటర్లో ఏడెనిమిది మందిమి పోగయ్యాం. అక్క టైపు చేస్తుంటే నేను చెబుతున్నాను. మిల్లు పేరు, మా పీఎఫ్ ఖాతాల యూఏఎన్ నంబర్లు, ఎప్పటినుంచి పడలేదో అన్నీ చెప్పాను. అంతా రాశాక బావ గొంతు సవరించుకున్నాడు.

"గింత కఠినంగ రాస్తే ఎట్ల బావా? ఆయన ఉప్పు తిన్నం. సేఠు మంచోడే అని గూడ ఒక మాట పెట్టు."

"మంచోడైతే ఉత్తరమెందుకు రాస్తున్నం?" అన్నాను.

"నా బిడ్డకు డెంగీ వచ్చిననాడు నిజామాబాద్ దవాఖానకు పైసలెవరిచ్చిండ్రు? ఆయనే గద. ఆ మాట రాయకుంటే నేను సంతకం పెట్ట."

మిగతావాళ్లు కూడా తలలూపారు. ఒకడి చెల్లె పెళ్లికి ఇచ్చాడు, ఇంకొకడి ఇంటి రేకులకు ఇచ్చాడు. మా వైపు ఇదొక రివాజు. ఎవరి మీద ఫిర్యాదు చేసినా ముందు ఆయన చేసిన మేలు చెప్పాలి, లేకపోతే నోరు పడిపోతుందన్నట్టు భయపడతారు. చివరికి ఇలా రాశాం: "మా యజమాని మంచివారు. కష్టకాలంలో అడ్వాన్సులు ఇచ్చి, జీతంలో కొద్దికొద్దిగా కోసుకుంటారు. అయినా మా పీఎఫ్ మాత్రం కట్టడం లేదు." టైపు చేసే అక్క కూడా "ఇది అవసరమా అన్నా?" అని ఒకసారి అడిగింది. నాకు పళ్లు కొరకాలనిపించింది. కానీ సంతకాలు కావాలి. ఒక్కడినే రాస్తే ఒక్కడినే పోతాను. సరే అన్నాను. రిజిస్టర్ పోస్టులో హైదరాబాద్ పంపించాం.

చాలా రోజులకు ఆ ఉత్తరం పైనుంచి దిగి మా లేబర్ ఆఫీసర్ దగ్గరికే వచ్చింది. ఆయన మమ్మల్నీ సేఠునూ పిలిపించాడు. అప్పటికే సేఠుకు సంగతి తెలిసి నన్ను డ్రయర్ మీద నుంచి తీసి ఊక గదికి పంపాడు. అక్కడ ఊపిరి ఆడదు, కళ్లు మండుతాయి. ఎందుకని అడిగితే, "వయసు మీద పడ్డది గద, వేడి దగ్గర ఎందుకని" అన్నాడు. ఎంత దయో!

లేబర్ ఆఫీసులో సేఠు తెల్ల చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఉత్తరం కాపీ ఆయన చేతిలో ఉంది. ఆఫీసర్ అడగకముందే మేం రాసిన ఆ రెండు వాక్యాలు చదివి వినిపించాడు.

"చూడుండ్రి సార్, వాళ్లే రాసిండ్రు. అడ్వాన్స్ ఇచ్చి జీతంల కోసుకుంటడని. నేను కోసింది గా అడ్వాన్సే. పీఎఫ్ అని ఎవరు చెప్పిండ్రు? వీళ్లు సీజన్ల వస్తరు, పోతరు. హాజరు రోల్ల నుంచి పేర్లు ఎప్పుడో తీసేసినం."

మేం మర్యాదకు పెట్టిన మాటను ఆయన తాళం చేసుకుని మా తలుపే మూసేశాడు. బావ వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించిందని చెబితే తప్పేం లేదు, నిజంగానే అనిపించింది.

ఆఫీసర్ చెడ్డవాడు కాదు. అందరూ మాట్లాడాక నెమ్మదిగా అన్నాడు. "చూడుండ్రి, జీతం ఇయ్యకున్నా, కూలి రేటు తక్కువిచ్చినా నేను చూస్త. పీఎఫ్ మా చేతిల లేదు. అది కేంద్రపోళ్లది. వాళ్లకు వేరే కమిషనర్ ఉంటడు. మీ ఉత్తరం నేను నిజామాబాద్ పీఎఫ్ ఆఫీసుకు పంపిస్త. మీరు గూడ ఆన్‌లైన్ల ఫిర్యాదు పెట్టుండ్రి."

బయటికొచ్చాక సేఠు మా దగ్గరికి వచ్చాడు. "ఎందుకీ తిరుగుడు? మీవి ఎంతైతయో అంత చేతిల పెడ్త. కాయితం వాపస్ తీసుకోండ్రి" అన్నాడు. కుర్రవాళ్లు ముఖాలు చూసుకున్నారు. వాళ్లకు ఇంకా ముప్పై ఏళ్ల పని ఉంది, చేతిలో నగదు కనబడుతోంది. నలుగురు ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు. నోట్లు ఇస్తే నోట్లు వస్తాయి, ఆ రెండేళ్లు రావు కదా. నా పెన్షన్‌కు కావలసింది ఏళ్లు. ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు అర్థం కాలేదు. "అన్నకు పిచ్చి పట్టింది" అన్నారు. బావ మాత్రం డబ్బు తీసుకోలేదు.

పీఎఫ్ ఆఫీసులో నేను సర్దుకుని సర్దుకుని చెప్పాను. సార్, ఆ వాక్యం మర్యాదకు రాసింది, కోసింది పీఎఫే అని. అక్కడి అధికారి చేయి అడ్డం పెట్టి ఆపాడు. "కోసిండా లేదా అనేది తర్వాత. నువ్వు పని చేసినవా లేదా చెప్పు. పని చేస్తే నీ వంతు, ఆయన వంతు రెండూ ఆయనే కట్టాలె. కోయకపోయినా కట్టాలె." ఈ ముక్క ముందే తెలిస్తే ఉత్తరంలో మూడు పేజీలు ఎందుకు రాస్తాం? ఇన్ని నెలలు ఏ మాట కోసం తన్నుకున్నామో ఆ మాట అసలు లెక్కలోకే రాదట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తనిఖీకి మనిషి వచ్చాడు. ఆ తర్వాత పీఎఫ్ కమిషనర్ ముందు విచారణ మొదలైంది. వాయిదా, మళ్లీ వాయిదా. ఒకసారి సేఠు వకీలు రాలేదు, ఇంకోసారి రికార్డులు తేలేదు. నేను ప్రతిసారీ ఆ రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కేవాణ్ని. పీఎఫ్ పడని ఆ రెండేళ్లు మేం మిల్లులో లేనే లేమని సేఠు వాదన. ఉన్నామని చెప్పడానికి మనిషి కావాలి. డబ్బు తీసుకున్నవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. బావను అడగాలని నాకు మనసొప్పలేదు. ఆ వాక్యం పెట్టించింది ఆయనే కదా.

తర్వాతి వాయిదాకు నేను వెళ్లేసరికి బావ ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

లోపలికి పిలిచాక బావ చెప్పాడు. "సార్, బాయిలర్ నేను చూస్త, డ్రయర్ బావ చూస్తుండె. నేను ఆవిరి ఇడిస్తేనే ఆయన పని. రెండేండ్లు ఆయన లేకుంటే నేను ఆవిరి ఎవరికి ఇడిసిన?"

సేఠు పక్కనుంచి మెల్లగా అందుకున్నాడు. "ఏమయ్యా, బిడ్డ దవాఖానల ఉన్ననాడు పైసలెవరిచ్చిండ్రు? మర్చిపోయినవా?"

నేను తలదించుకున్నాను. అయిపోయింది అనుకున్నాను.

"మర్చిపోలే సేఠ్. మీరే ఇచ్చిండ్రు. పాణం ఉన్నంతవరకు చెప్త." కమిషనర్ వైపు తిరిగాడు. "కానీ నేను తీర్చిన. ఆ ఏడాది పండుగకు గూడ బట్టలు కొనకుండ తీర్చిన. తీర్చినం అనే మాట కాయితంల రాయలే. గదొక్కటి మర్చిపోయినం సార్."

కమిషనర్ గారు ఆ మాట రాయించారు.

కట్టాలని ఆర్డర్ వచ్చింది. సేఠు పైకోర్టుకు పోతానన్నాడు, తర్వాత కొంత కట్టాడు. నా పాస్‌బుక్‌లో కొన్ని నెలలు నిండాయి, కొన్ని ఇంకా ఖాళీగానే ఉన్నాయి. నాకు యాభై ఎనిమిది దగ్గరకొస్తోంది. ఏళ్లు ఆగవు, వాయిదాలు ఆగవు, సేఠు మాత్రం ఆగి ఆగి కడతాడు. ఎవరి మీద అరవాలో కూడా తెలియని కోపం ఇది.

మొన్న మిగతా నెలల కోసం మళ్లీ ఉత్తరం రాయడానికి నెట్ సెంటర్‌కు వెళ్లాం. ఈసారి సరైన కమిషనర్‌కే. అక్క కీబోర్డు మీద చేతులు పెట్టి "చెప్పు అన్నా" అంది. నేను బావ వైపు చూశాను. సేఠు మంచోడే అని మళ్లీ మొదలుపెడతాడేమోనని నాకు భయమేసింది.

బావ కుర్చీ ముందుకు జరిపి, అక్కకు తనే చెప్పాడు.

"అయ్యా, మేము పని చేసినం. ముందుగాల గది రాయి."