హంసపాదం

మొన్న మా వీధిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ముందు మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన తగిలింది. వెంటనే కూర్మారావు మేస్టారు గుర్తొచ్చారు. శ్రీకాకుళంలో మా హైస్కూలు డ్రాయింగు మేస్టారు. గ్రూపు ఫొటోను దళసరి అట్టకు అంటించి, కింద పెన్సిలుతో సన్నగీత కొట్టి, నల్లసిరాతో "నిలుచున్నవారు, ఎడమ నుండి కుడికి" అని మొదలుపెట్టి మా పేర్లు రాసింది ఆయనే.

ఆ ఫొటోలో వెనక వరుసకు ఒక పేరు తగ్గింది. మూడోవాడు సింహాచలం, నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ల అబ్బాయి. వాడి పేరు లేకపోవడంతో వాడి ముఖం కిందికి నా పేరు జరిగింది, నా ముఖం కిందికి పక్కవాడిది. చివరి అప్పారావుకు పేరే మిగల్లేదు. చూసినవాళ్లు బడి బంట్రోతనుకునేవారు. మా ఆవిడైతే పెళ్లికి ముందు పేర్లు చూసుకుంటూ వచ్చి, మూడోవాణ్ణి చూసి సరేనందట. ఆ ఉంగరాల జుట్టేదని ఇప్పటికీ దెప్పుతుంది.

ఇరవై ఏళ్ల తరువాత, అరవయ్యో దశకం చివర, అదే బడి వరండాలో మళ్లీ కలుసుకున్నాం. బట్టతలలు, బొజ్జలు, కళ్లద్దాలు. పాత వరుసలోనే నిలబడి కొత్త ఫొటో తీయించుకోవాలని, కింద మేస్టారి చేతే రాయించాలని ముచ్చట. పైన శీర్షికగా 'మధుర స్మృతులు' అని పెట్టమన్నాడు అప్పారావు. అప్పటికి పెద్ద ప్లీడరు.

"మిఠాయి కొట్టు బోర్డులా ఉందిరా," అన్నారు మేస్టారు. "ఇరవై ఏళ్ల తరువాత, అదే వరుసలో. అంతే."

అందరం నిలబడ్డాం. సింహాచలం మాత్రం తువ్వాల్లో చుట్టిన తన పాత ఫొటో పట్టుకుని స్తంభం దగ్గరే ఆగిపోయాడు.

"ఏట్రా, రావేం?" అన్నాను.

"నాను హైస్కూల్లో సదివినానంటే మా పిల్లలు నమ్మరు మేస్టారూ," అన్నాడు, నాతో కాదు, ఆయనతో. "ఫొటో సూపిస్తే, నీ పేరేదీ అంటారు. ఇప్పుడూ అలాగే అవుతాదేమోనని."

"హాజరుపట్టీ వరుసలోనే నిలబెట్టాను కదా అని, అది చూసి రాసేశానురా. ఫొటో తీశాక నువ్వు ఉప్పు పనికెళ్లిపోతే అందులో నీ పేరు కొట్టేశారు. ముఖాలు చూసి రాయాల్సింది," అన్నారు మేస్టారు.

సింహాచలాన్ని వాడి చోట నిలబెట్టి, తాను కెమెరా పక్కకు వెళ్లారు. ఫొటోలో ఎడమంటే చూసేవాళ్ల ఎడమ కదా. అక్కణ్ణుంచి ఒక్కొక్కరి వైపు చెయ్యి చూపి, "నీ పేరు నువ్వే చెప్పు," అంటూ రాసుకున్నారు. తరువాతే ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చాడు.

అది కాగానే మేస్టారు సింహాచలం పాత ఫొటో అడిగి తీసుకున్నారు. రెండో పేరుకీ నా పేరుకీ నడుమ చోటు లేదు. అక్కడ చిన్న హంసపాదం పెట్టి, పైన సన్నని అక్షరాలతో వాడి పేరు రాశారు. సిరా ఆరేదాకా సింహాచలం ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఆరాక వేలు పెట్టి పైకి చదువుకున్నాడు. పాత వరుస చూసుకోవడానికి తెచ్చుకున్న మా ఫొటోలూ మేమంతా ముందుకు చాపాం.

ఇప్పటికీ ఏ పెళ్లి ఫొటో కింద పేర్లు రాయమన్నా, ఎంత తెలిసిన ముఖమైనా సరే, ముందు వెళ్లి పేరు అడుగుతాను. నవ్వుతారు, నవ్వనీ. మా గోడ మీది పాత ఫొటో చూసి, పేర్ల మధ్య ఆ కాకికాలు గుర్తేమిటని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అప్పుడు మూడో పేరు చదివి వినిపిస్తాను.