ఒక్క పేపర్ నుంచి వెనక్కీ ముందుకీ

నేను కీటకశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరిన ఏడాది మా ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప తోటల్లో పూత నిలవలేదు. పువ్వు విప్పి చూస్తే లోపల సన్నటి నల్ల తామర పురుగులు, నూగుగింజ కన్నా చిన్నవి, గబగబా పరుగులు పెట్టేవి. ఒకరోజు పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు.

"పైన కొట్టాల్సిన మందులన్నీ కొట్టేశామమ్మా. ఇప్పుడేమో మొక్క మొదట్లో పొయ్యమంటున్నారు. పురుగు మట్టిలో దాక్కుంటదంట. నిజమేనా?"

"కనుక్కుని చెప్తాను నాన్నా" అన్నాను. ఆ మాట నిజమో కాదో తేల్చడమే నా పరిశోధన కాబోతోందని అప్పటికి నాకు తెలియదు.

తామర పురుగుకి రెక్కలు రాకముందు కదలకుండా దాగి ఉండే ప్యూపా దశ ఒకటి ఉంటుంది. ఆ దశ చాలావరకు మట్టిలోనే గడుస్తుందని ప్రతి పరిశోధన పేపర్‌లోనూ ఉండేది. ఇంటర్నెట్‌లో మిరప అని, తామర పురుగు అని కొట్టి వెతికితే వేలకు వేలు వచ్చేవి. ఏది ముందు చదవాలో, దేన్ని వదిలెయ్యాలో తెలిసేది కాదు. మా గైడ్ మేడమ్‌కి నా అవస్థ అర్థమై, ఒకే ఒక్క పేపర్ ప్రింట్ తీసి చేతిలో పెట్టారు. వేరే దేశంలో మిరప పూతలోని తామర పురుగు మీద చేసిన పని అది.

"దీన్ని వదలొద్దు. ఇది ఎవరి మీద నిలబడిందో చూడు, దీని మీద ఎవరు నిలబడ్డారో చూడు. అదంతా పటంగా గీసి, నీ ప్రతిపాదన చూసే అడ్వైజరీ కమిటీ ముందు పెట్టు" అన్నారు.

దారి చూపించింది మా కాలేజీ లైబ్రేరియన్ గారు. రిటైర్‌మెంటుకి దగ్గర పడినా కంప్యూటర్ ముందు కుర్చీ మాకెవరికీ వదిలేవారు కాదు. ఆ పేపర్ చివరి పేజీలు తిరగేసి చెప్పారు: "ఇవి రిఫరెన్సులు, వీళ్లు ఆధారం చేసుకున్న పేపర్లు. ఇటు పోతే ఎప్పుడూ వెనక్కే, పాతవే దొరుకుతయ్యి. తర్వాత ఏం జరిగిందో ఈ పేపర్‌కి తెలియదు గదమ్మా. దానికి ఇటు రావాలి." తెర మీద ఆ పేపర్ పేరు కింద, దాన్ని ఉదహరించినవి చూపించే లింకు నొక్కారు. తర్వాతి ఏళ్లలో వచ్చిన పేపర్లు వరసగా తెరుచుకున్నాయి. "ఒక్కోదాన్నీ మళ్లీ ఇట్టాగే వెనక్కీ ముందుకీ లాగు. అన్నీ లాగబాక, మునిగిపోతావు. నీ ప్రశ్నకి పనికొచ్చేవే లాగు."

హాస్టల్ గది గోడకి చార్టు అంటించి మధ్యలో మేడమ్ ఇచ్చిన పేపర్ రాశాను. ఎడమ వైపు పాతవి, కుడి వైపు కొత్తవి. ఏ పేపర్ దేన్ని ఉదహరిస్తే దాని వైపు బాణం. ఎందుకు ఉదహరించారో కూడా బాణం మీద క్లుప్తంగా రాసేదాన్ని, ఎందుకంటే ఒప్పుకుంటూ ఉదహరించినా, తప్పుపడుతూ ఉదహరించినా లెక్కలో రెండూ ఒకటే. కొన్ని వారాలకి కొత్త పేపర్ తెరిచినా అందులో తెలిసిన పేర్లే ఎదురవడం మొదలైంది. ఈ వైపు ఇక తవ్వింది చాలని అర్థమైంది.

కానీ "మట్టిలోనే" అన్న మాట దగ్గర చిక్కుకున్నాను. మేడమ్ ఇచ్చిన పేపర్ ఆ మాటకి ఒక సమీక్షా వ్యాసాన్ని చూపించింది. ఆ వ్యాసం ఇంకో వ్యాసాన్ని చూపించింది. అది చాలా పాత పేపర్ ఒకదాన్ని చూపించింది. ఆ పాతది ఇంటర్నెట్‌లో లేదు.

"మధ్యలో వాళ్లు చెప్పింది రాసుకుంటే సరిపోదా మేడమ్?" అని అడిగాను.

"నువ్వు ఆ పేపర్ చదివావా, దాని గురించి ఎవరో అన్నది చదివావా?" అన్నారు మేడమ్. ఆ పాతది కావాలని లైబ్రేరియన్ గారిని అడిగాను.

లైబ్రేరియన్ గారు వేరే ఊరి లైబ్రరీకి ఉత్తరం రాశారు, ఫోన్ చేశారు, మళ్లీ చేశారు. చివరికి స్కాన్ వచ్చింది, పక్కకి వాలిన అక్షరాలతో. లైబ్రరీలోనే నిలబడి చదివాను. పురుగు మట్టిలోకి దిగిన మాట నిజమే. కానీ అది ఉల్లి మీది వేరే తామర పురుగు, గ్రీన్‌హౌస్‌లో, కుండీల్లో. మిరప ఊసే లేదు. చూసినవాళ్లు తమ హద్దు తాము స్పష్టంగానే చెప్పారు. ఆ హద్దు మాత్రం చేతులు మారే కొద్దీ రాలిపోయింది.

అప్పుడు ఆ పాత పేపర్ నుంచే మళ్లీ ముందుకి లాగాను. దాన్ని ఉదహరించినవాటిలో ఎక్కువ భాగం అదే వాక్యాన్ని తిరగరాసినవి. వాటి మధ్య చిన్న పేపర్ ఒకటి కనబడింది. దాన్ని రాసినవాళ్లు కొద్ది మిరప మొక్కల్లో వెతికి, ప్యూపాలు పూలలో కూడా దొరికాయని రాశారు. మేడమ్ ఇచ్చిన పేపర్‌లో దాని ప్రస్తావన లేదు. వెనక్కి మాత్రమే వెళ్లుంటే అది నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

కమిటీ రోజున చార్టు చుట్టుకుని వెళ్లాను. వేరే విభాగం సీనియర్ ప్రొఫెసర్ గారు కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఇంతమంది మట్టిలో అని రాస్తే, అందరూ తప్పంటావా?"

"రాసింది చాలామంది సార్. నాకు దొరికినంతలో వాళ్లంతా ఆధారం చేసుకున్నది ఒక్క పాత పేపర్‌వాళ్లు చూసిందే. వాళ్లు చూసింది ఉల్లి" అని బాణాల మీద వేలు పెట్టి వెనక్కి నడిపించాను.

ఆయన ఆ పాత పేపర్ దాకా నా వేలి వెంటే చూశారు. తర్వాత, "సరే. కానీ ఒకరినొకరు ఉదహరించుకున్నవాళ్లే నీ పటంలోకి వస్తారు. ఎవరూ ఉదహరించని పని ఉంటే? మామూలు వెతుకులాట కూడా చేసి రా" అన్నారు.

ఆ మాట సబబే. వేర్వేరు మాటలతో మళ్లీ వెతికాను, లైబ్రరీ అరల్లో పాత థీసిస్‌లు దింపి చూశాను. మన నల్లరేగడిలో మిరప మీద ఈ పురుగు ప్యూపా ఎక్కడుంటుందో కొలిచినవాళ్లు కనబడలేదు. ఆ మాటే రాసి, వెతికిన దారి మొత్తం జతచేసి ఇచ్చాను. నా ప్రతిపాదన ఒప్పుకున్నారు.

పూత కాలం అంతా మా తోటలోనే గడిచింది. మొక్కల కింద మట్టి తీసి జల్లెడ పట్టాను. చెట్టు మీది పూలు, రాలిన పూలు వేరువేరు సంచుల్లో కట్టి ల్యాబ్‌కి మోసుకెళ్లి లెన్స్ కింద విప్పాను. నాన్న వరస చివర నిలబడి, "ఒరేయ్, ఆ సాళ్లో కాలు పెట్టొద్దు, అమ్మాయి గుర్తులు పెట్టుకుంది" అని కూలీల మీద కేకలేసేవాడు. మా తోటలో ఆ ఏడు ప్యూపాలు మట్టిలోనూ దొరికాయి, పూలలోనూ దొరికాయి. పూలలోవి అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ.

"మట్టిలో పోస్తే సగం మాటే నాన్నా. పూతలో ఉన్నవాటికి ఆ మందు అందకపోవచ్చు" అని చెప్పాను.

"సగమైనా తెలిసింది గదా" అన్నాడు.

నా పేపర్ అచ్చయ్యాక దాన్ని ఎవరు ఉదహరిస్తున్నారో అప్పుడప్పుడు చూస్తుంటాను. మొదటిది ఒకరోజు కనబడింది. తెరిచి చదివితే, తామర పురుగు ప్యూపా మట్టిలోకి దిగనే దిగదని నేను నిరూపించినట్టు రాసి ఉంది. నేనన్నది అది కాదు. ఆ రోజే వాళ్లకి ఉత్తరం రాశాను, నా పేపర్‌లో మట్టిలోవీ పూలలోవీ లెక్కలున్న పట్టికని చూపిస్తూ, మర్యాదగా. సవరిస్తామని జవాబిచ్చారు. ఇంకా సవరించలేదు. ఈ వారం మళ్లీ రాస్తాను.