వరస మొదట ‘ప’ రాకూడదు

గుడివాడలో మా రైసుమిల్లు కంపెనీకి పాతికేళ్లు నిండిన సందర్భంలో, ఛైర్మన్ గారి సందేశాన్ని ఫిల్ము తీయించి, అక్కడా బందరులోనూ సినిమా హాళ్లలో ఆటకు ముందు వేయాలని డైరెక్టర్లు తీర్మానించారు. ఆఫీసులో ఉత్తరాలు రాసే నా నెత్తిన ఆ మాటలు రాసే పని పడింది.

ఛైర్మన్ గారికి నత్తి. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అంతకుముందు వాటాదార్ల సభలో ఆయన ‘ప’ దగ్గర ఆగిపోతే వెనక ఎవడో నవ్వాడు. ఆ తర్వాత ఆయన సభల్లో నోరు విప్పలేదు. ఇప్పుడు హాలుకు హాలే నవ్వితే ఆ పాపం నాదేనని నాకు అన్నం సయించేది కాదు.

మద్రాసు నుంచి వచ్చిన కెమెరామన్ ఛైర్మన్ గారు చూసి చదవడానికి కెమెరా కిందే ఒక చెక్క చట్రం బిగించాడు. పిడి తిప్పితే కింది కర్రకు చుట్టిన కాగితం మెల్లగా పై కర్రకు ఎక్కుతుంది. ఆయన కళ్లజోడు మీద లైటు మెరుస్తోంది, తీసేయమన్నాడు. జోడు లేకుండా చదవాలంటే అక్షరం బెత్తెడుండాలి. అప్పుడు వరసకు మూడు నాలుగు మాటలే పడతాయి. నేను గొప్పకు పోయి రాసిన పొడుగాటి సమాసాలు చూస్తే నాకే ఒళ్లు మండింది. అన్నీ కొట్టేశాను.

ఆయన మాట్లాడుతుంటే వారంపాటు చెవులు రిక్కించి విన్నాను. ఊపిరి తీసుకున్నాక మొదటి మాట ‘ప’ అయితేనే చిక్కు, నడుమ వస్తే జారిపోతుంది. వరసకో ఊపిరి కాబట్టి ఏ వరసా ‘ప’తో మొదలుకాకుండా తిరగరాశాను. ‘పాతికేళ్లుగా మన మిల్లు’ కాస్తా ‘మన మిల్లు పాతికేళ్లుగా’ అయింది. ‘పనివాళ్లందరికీ’ తీసేసి ‘మీ అందరికీ’ అని పెట్టాను.

చప్పుడు పడకూడదని మిల్లు ఆపారు. పనివాళ్లంతా కెమెరా వెనక నిలబడ్డారు. ఫిల్ము రెండుసార్లకే ఉంది. పిడి నా చేతిలో ఉంది. కంగారులో గబగబా తిప్పేశాను, ఆయన కాగితం వెంట పడి చదివి ఆయాసపడ్డారు. ఒక ఫిల్ము అలా పోయింది. “కాగితమే ఆయన కోసం ఆగాలయ్యా,” అని కెమెరామన్ కసిరాడు.

రెండోసారి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆయన పెదవులు చూస్తూ తిప్పాను. ఎక్కడా తడబడలేదు. ‘మీ అందరికీ నమస్కారం’ అనే చివరి వరస కూడా అయిపోయింది. హమ్మయ్య అనుకునేలోగా ఆయన చూపు కాగితం దాటి వెనక నిలబడ్డవాళ్ల మీదికి వెళ్లింది.

“ప... ప... పనివాళ్లు లేకపోతే ఈ మిల్లు లేదు.”

ఆ చివరి ముక్క కత్తిరిస్తే సరిపోతుందన్నాడు కెమెరామన్. ఛైర్మన్ గారు కళ్లజోడు పెట్టుకుని, ఉంచమన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

“నా కోసం పడ్డ పాట్లు, కొట్టేసిన మాటలు, అన్నీ చూశానయ్యా. బాగానే రాశావు. కానీ నా నోటికి సుఖమని వాళ్లనే తీసేస్తే ఎలా?”

బందరులో ఆట చూడ్డానికి నేనే వెళ్లాను. ఆ మాట దగ్గర బెంచీల్లో నవ్వారు. తిరిగొచ్చి, దాచలేక, ఆయనకు చెప్పేశాను.

“నవ్వితే నవ్వారులే,” అన్నారు. “మాట వినబడిందా?”

వినబడిందండీ, అన్నాను.